శనివారం నుంచి వెనక్కి

మా మామ్మ సంత నుంచి వచ్చిన సంచిని ఎన్నడూ బోర్లించేది కాదు. వంటింటి గడప పక్కన కూర్చుని, పైనుంచి ఒక్కొక్కటే తీసి, గోడవారగా పరిచిన గోనెపట్టా మీద వరుసగా పెట్టేది. సంచిలో అన్నిటికన్నా పైన ఉన్నది ఆ పూట వంట, అడుగున ఉన్నది వచ్చే శనివారం వంట. ఈ సంగతి నాకు పన్నెండో ఏట తెలిసింది. అప్పటి వరకు కూరగాయలు సంచిలో ఎలా పడితే అలా ఉంటాయనీ, అమ్మో మామ్మో పొద్దున లేచి, చేతికి అందినదేదో వండుతారనీ అనుకునేవాణ్ణి.

కోనసీమలో అమలాపురం దగ్గర్లోని పల్లెటూరు మాది. సంత ఆదివారం ఒక్క రోజే జరిగేది. మధ్యలో సైకిల్ మీద ఆకుకూరలు తెచ్చే మనిషి వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఇంట్లో ఫ్రిజ్ లేదు. తాతయ్య, మామ్మ, అమ్మానాన్నలు, అక్క, నేను కలిపి ఆరుగురం. మామూలు రోజుల్లో వారానికి రెండుసార్లు చేపలో రొయ్యలో వచ్చి మామ్మ భారాన్ని కొంత తేలిక చేసేవి. కార్తీకంలో మాత్రం నెల పొడుగునా మా ఇంట్లో నీచు ముట్టేవారు కాదు కాబట్టి ఏడు రోజుల భారమూ కూరగాయల మీదే పడేది.

1995 కార్తీకానికి ముందు మామ్మకు కంటి శుక్లం తీశారు. కొన్ని వారాల పాటు దుమ్ములోకి వెళ్లకూడదు, వంగకూడదు, బరువులు ఎత్తకూడదు అని డాక్టరు గారు చెప్పారు. అమ్మ బడిలో పంతులమ్మ కావడంతో ఆదివారం ఒక్క పూటలో వారం రోజుల బట్టలన్నీ ఉతుక్కోవాలి. నాన్నను పంపితే ఏది కనబడితే అది రెండేసి కేజీలు తెచ్చేస్తారని మామ్మకు భయం. అక్క పదో తరగతి పరీక్షల పేరు చెప్పి తప్పించుకుంది. అలా సంత నా పాలిట పడింది.

శనివారం సాయంత్రం మామ్మ నన్ను అరుగు మీద కూర్చోబెట్టి ఏడు చింతగింజలు చేతిలో పెట్టింది. ఒక కంటికి ఆకుపచ్చని గుడ్డ కట్టుకుని, రెండో కన్ను చికిలించి చూస్తూ, ఆ గింజలను వరుసగా పెట్టమంది. నేను పెట్టాను. "ఇందులో శనివారం ఏదిరా?" అని అడిగింది. చివరి గింజ చూపించాను. "అక్కణ్ణించి మొదలెట్టు. ఆదివారం ఏం తినాలో ఎవడైనా చెబుతాడు. ఆ రోజు సంతంతా మన ముందే ఉంటుంది కదా. శనివారానికి ఏం మిగులుతుందో అది చెప్పు ముందు."

నేను వంకాయ అన్నాను, అదంటే నాకు ఇష్టం కనుక. వంకాయ ఆరు రోజులు ఉంటే తొడిమ ఎండి, తోలు ముడతలు పడి, కోస్తే లోపల గింజ నల్లబడి ఉంటుందని ఆమె చెప్పింది. బెండకాయ అన్నాను. మూడో రోజుకే పీచు కడుతుంది, నాలుగో రోజుకు కొస విరవబోతే విరగకుండా వంగుతుంది అంది. ఇలా నేను పేరు చెప్పడం, ఆమె ఆ కాయ ఎన్నో రోజుకు ఏమవుతుందో చెప్పడం చాలాసేపు నడిచింది. చివరికి శనివారం గింజ దగ్గర చిలగడదుంప నిలబడింది. శుక్రవారం గింజ దగ్గర దోసకాయ నిలబడింది. తొడిమ ఊడకుండా, దెబ్బ తగలకుండా ఉన్న పచ్చని పప్పు దోసకాయ పది రోజులైనా చెడదు. గురువారానికి కంద. ఇక అక్కణ్ణుంచి వెనక్కి వస్తూ ఉంటే కాయలు లేతవవుతూ, ఆయుష్షు తగ్గుతూ వచ్చాయి. బుధవారం వంకాయ, మంగళవారం చిక్కుడు, సోమవారం బీరకాయ, ఆదివారం తోటకూర.

కొనడం కూడా ఈ వరుసలోనే జరగాలన్నది రెండో పాఠం. శనివారం వాటితో మొదలుపెట్టి ఆదివారం దానితో ముగించాలి. అలా కొంటే గట్టి దుంపలు సంచి అడుగుకు చేరతాయి, ఆకుకూర పైన తేలుతుంది, ఏదీ దేని కిందా నలగదు. ఇంటికి వచ్చి పైనుంచి తీస్తూ పోతే వారం దానంతట అదే వరుసగా బయటికి వస్తుంది. డబ్బు విషయంలోనూ ఇందులో ఒక జాగ్రత్త ఉందని తరువాత నా చేతులు కాలాక గాని నాకు తెలియలేదు.

మరునాడు పొద్దున యాభై రూపాయల కాగితం నా చొక్కా జేబులో పెట్టి, పిన్నీసు గుచ్చి, "ముందు సంతంతా ఒక చుట్టు తిరిగి రా. ఆ చుట్టులో పిన్నీసు తియ్యకు" అని చెప్పి పంపింది. ఆ చుట్టు ఎందుకంటే, ఏది ఎక్కువ గంపల్లో కనబడుతోందో, ఏది ఒక్కరిద్దరి దగ్గరే ఉందో తెలుసుకోవడానికి. కార్తీకం వచ్చేసరికి గోదావరి వరద తీసి చాలా రోజులవుతుంది. లంకల్లో ఒండ్రు మీద వేసిన కూరపాదులు కాపుకు వస్తూ ఉంటాయి. లంక వంకాయలు, చిక్కుడుకాయలు పడవల మీద రేవు దాటి వచ్చేవి. ఒక కాయ పది గంపల్లో ఉంటే దానికి అది కాలం. ఒక్క గంపలో ఉండి, అమ్మే మనిషి దాని మీద చెయ్యి వేసుకుని కూర్చుంటే, అది ఇంకా రావలసినదైనా అయి ఉండాలి, వెళ్లిపోతున్నదైనా అయి ఉండాలి. వెళ్లిపోతున్న కాయలో గింజ ముదిరి ఉంటుంది. మామ్మ దాన్ని ఎంత చౌకగా ఇచ్చినా కొనేది కాదు.

ఆమె వంకాయను చూసే పద్ధతి నాకు ఇప్పటికీ చేతిలో ఉంది. ఒకే పరిమాణం ఉన్న రెండు కాయలను రెండు అరచేతుల్లో పెట్టుకుని, తేలికగా ఉన్నదాన్ని తీసుకోవాలి. బరువుగా ఉన్నది గింజ కట్టినది. తొడిమ పచ్చగా, దాని ముల్లు వేలికి గుచ్చుకునేలా ఉంటే నిన్న సాయంత్రమో ఈ ఉదయమో కోసినది. ముల్లు మెత్తబడి ఉంటే నీళ్లు చల్లి తాజాగా కనబడేట్టు చేసినది. చిక్కుడుకాయ గింజ పైకి ఉబ్బకుండా, చెవి దగ్గర పెట్టి విరిస్తే టక్కుమనాలి. దుకాణాల వాళ్లు పిల్లాడినని నన్ను చూసి నవ్వేవారు గాని, "ఆయ్, మామ్మగారి మనవడండీ ఈయన" అని ఎవరో ఒకరు అనగానే తట్ట నా వైపు జరిపేవారు.

ఎంత కొనాలన్నది మామ్మ వీశల్లో చెప్పేది. సంతలో తూకం కేజీల్లో ఉండేది. వీశ అంటే సుమారు 1400 గ్రాములు. వంకాయలు అరవీశ అంటే 700 గ్రాములని నేను లెక్కవేసి, ముప్పావు కేజీ అడిగేవాణ్ణి. ఆరుగురికి ఒక పూట కూర, రాత్రికి కొంచెం, పొద్దున్నే కట్టే మూడు క్యారేజీలు అందులో వెళ్లాలి. ఆకుకూర వండితే గిన్నెడు కాస్తా గరిటెడు అవుతుంది కనుక తోటకూర మాత్రం ఆరు కట్టలు. ఇవి ఆమెకు చేతి అలవాటుగా ఉండేవి. నేను మాత్రం ఒక పాత నోటు పుస్తకం వెనక అట్ట మీద రాసుకున్నాను.

ఆ వారం వంటలు నాకు బాగా గుర్తున్నాయి, ఎందుకంటే ప్రతి రోజూ ఆ రోజు గింజను నా చేతనే అరుగు మీద నుంచి తీయించేది. ఆదివారం తోటకూర. ఆకు వేపుడైంది. కాడల పీచు తీసి ముక్కలు కోసి రాత్రికి పులుసు పెట్టారు. సోమవారం మామ్మకూ తాతయ్యకూ ఉపవాసం, చుక్క చూశాకే భోజనం. ఆ రోజు ఉల్లి, వెల్లుల్లి పొయ్యి దగ్గరికి రావు కాబట్టి, వాటి అవసరమే లేని కూర కావాలి. బీరకాయలు కొద్దిగా పాలు పోసి వండితే సరిపోయింది. బీరకాయ చెక్కు తీసినప్పుడు వచ్చిన తొక్కును తడిగుడ్డలో చుట్టి దాచి, మంగళవారం నూనెలో వేయించి, పచ్చిమిరపకాయలు, చింతపండు వేసి రోట్లో పచ్చడి నూరింది అమ్మ. చిక్కుడుకాయలను సంచిలో మూటగా ఉంచితే వేడెక్కి మచ్చలు పడతాయని చేటలో పలచగా ఆరబోశాం. అవి మంగళవారానికి కొంచెం వాడాయి గాని మెత్తబడలేదు.

గురువారం కంద. అది మాత్రం మామ్మ కట్టు విప్పించుకుని పీట దగ్గరికి వచ్చేసింది, ఎవరెంత వారించినా. కందా బచ్చలి కూరను ఇంకొకరి చేతికి వదలడం ఆమెకు కుదరని పని. కంద కొనేటప్పుడు కోసిన ముఖం పొడిగా ఆరి ఉన్నదే చూసి తెమ్మంది. అప్పుడే తవ్విన కందలో దురద ఎక్కువట. చేతులకు నూనె రాయించి, చెక్కు మందంగా తీయించి, ముక్కలను రెండు మూడు నీళ్లు మార్చి కడిగించింది. బచ్చలి తీగ పెరట్లో నూతి చప్టా పక్కన ఉంది కనుక దాన్ని సంతలో కొనలేదు. అందుకే కందను గురువారానికి జరపగలిగాం. కొనే బచ్చలి అయితే సోమవారానికో మంగళవారానికో ముందుకు రావలసి వచ్చేదని ఆమె నాకు విప్పి చెప్పింది.

కంద ముక్కలూ బచ్చలి ఆకులూ కలిపి మెత్తగా ఉడికించి, చింతపండు గుజ్జు పోసి, పప్పుగుత్తితో కాస్త మెదిపింది. చింతపండు పులుపే కంద దురదను అణుస్తుంది. అది తగ్గితే గొంతులో తెలుస్తుంది. శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిరపకాయలు, అల్లం పచ్చిమిర్చి, కరివేపాకు, ఇంగువతో తాలింపు పెట్టాక గిన్నె దించి పక్కన పెట్టింది. నేను తినడానికి తొందరపడుతూ ఉంటే, "ఆవ పెట్టందే కూరెక్కడిదిరా" అని కూర్చోబెట్టింది. ఆవాలు, ఎండుమిర్చి, ఉప్పు కొంచెం నీళ్లతో సన్నికల్లు మీద నూరి ఉంచిన ముద్దను, కూర గోరువెచ్చగా అయ్యాకే కలిపింది. పొయ్యి మీద ఉండగా కలిపితే ఆవ ఘాటు చచ్చి చేదు మిగులుతుంది. పది నిమిషాలు మూత పెట్టి తీసినప్పుడు వచ్చిన ఆ వాసన ముక్కు పైకి ఎక్కి కళ్లలో నీళ్లు తెప్పించింది. శుక్లం తీసిన కంటికి అది మంచిది కాదేమోనని అమ్మ గొడవ పెట్టింది గాని మామ్మ వినిపించుకోలేదు.

శుక్రవారం దోసకాయ పప్పు. ప్రతి కాయా కోయగానే చిన్న ముక్క నోట్లో వేసుకుని చేదు చూడాలి, అంతకు మించి చెప్పుకోవలసినది లేదు. శనివారం ముక్కల పులుసు. ఇది మామ్మ లెక్కలో చిలగడదుంపల రోజు అని పేరేగాని, నిజానికి గోనెపట్టా ఖాళీ చేసే రోజు. మిగిలిపోయిన రెండు వంకాయలు, ఒక ములక్కాడ, చివరి దోసకాయ సగం అన్నీ అందులోకి వెళ్లాయి. చిలగడదుంపలు, ములక్కాడ ముందు ఉడకాలి, దోస ముక్కలు తరువాత పడాలి, ముక్క సగం పైన మెత్తబడ్డాకే చింతపండు పులుసు పోయాలి. పులుపు ముందే తగిలితే ముక్క ఎంతసేపటికీ ఉడకదు. బెల్లం ముక్క, చివర్లో నీళ్లలో కలిపిన బియ్యప్పిండి. సాయంత్రానికి గోనెపట్టా మీద ఒక అల్లం కొమ్మూ కొన్ని పచ్చిమిరపకాయలూ తప్ప ఏమీ లేవు. ఆ ఖాళీ పట్టాను దులిపి మడతపెట్టడం మామ్మకు ఒక తృప్తి. మిరపకాయల తొడిమలు తీసి పెట్టినందున అవి మాత్రం వారం దాటినా కుళ్లలేదు.

రెండో ఆదివారం ఆమె చింతగింజలు పెట్టలేదు. "నువ్వే చూసుకుని రా" అంది. నేను మధ్యాహ్నం దాకా ఆటలో పడి, సంత విడిచే వేళకు వెళ్లాను. ఆ వేళకు ధరలు పడిపోతాయని నాకు తెలిసిపోయింది కదా, అదొక తెలివి. పాలకూర, గోంగూర, చుక్కకూర కట్టలు మూడు రూపాయల కుప్పలుగా అమ్మేస్తున్నారు. పండి ఎర్రగా ఉన్న టమాటాలు సగం ధరకే ఇస్తున్నారు. పిన్నీసు తీశాను. ఆకుకూరలు పద్నాలుగు కట్టలు, టమాటాలు రెండు కేజీలు, అరటికాయలు ఒక అత్తం. మిగిలిన డబ్బుతో బెండకాయలు. దుంపలూ దోసకాయలూ కొనడానికి డబ్బు మిగలలేదు. ముందు వాటినే కొనమని మామ్మ ఎందుకు చెప్పిందో అప్పుడు అర్థమైంది. లేతవి కంటికి ఆశ పెడతాయి, చౌకగా ఉంటాయి. వాటితో మొదలుపెడితే వారం చివరి రోజులకు జేబు ఖాళీ.

సంచి చూసి మామ్మ ఏమీ అనలేదు. కట్టలన్నీ విప్పించి, వేళ్లు కోయించి, కడగకుండా తడిగుడ్డలో చుట్టించింది. అయినా మంగళవారానికి పాలకూర పసుపుపచ్చగా తిరిగి, గుడ్డ మడతల్లో జిగురు పట్టింది. టమాటాల పక్కనే అరటికాయలు పెట్టిన పాపానికి అవి బుధవారానికే పండిపోయాయి. పండిన టమాటాలు మరో కాయను కూడా పండిస్తాయని, అరటికాయను నీళ్ల బకెట్లో వేస్తే నాలుగు రోజులు పచ్చిగా నిలుస్తుందని అప్పుడు చెప్పింది. ముందే చెప్పి ఉండవచ్చు. చెప్పకుండా ఊరుకోవడం ఆమె పద్ధతి, దాని మీద నాకు చాలా రోజులు కోపం ఉండేది. బుధవారం టమాటాలన్నీ పచ్చడి చేశారు. గురువారం, శుక్రవారం పప్పుచారు, వడియాలు. శనివారం తాతయ్య కంచం ముందు కూర్చుని, "ఈ వారం ఆదివారం తొందరగా వస్తే బాగుండునర్రా" అన్నారు. ఎవరూ నా వైపు చూడలేదు. చూసి ఉంటే నయమని అనిపించింది.

ఆ తరువాత ఆ సంవత్సరమంతా సంత నాదే అయింది. సంక్రాంతికి గుమ్మడికాయలు, వేసవికి పనసపొట్టు, ఆషాఢంలో మునగాకు వచ్చేవి. కాయలు మారినా వెనక్కి లెక్క మారలేదు.

మరుసటి ఏడు, 1996 నవంబరు 6 రాత్రి, కోనసీమ మీద తుఫాను విరుచుకుపడింది. ఆ రాత్రి గురించి ఇక్కడ రాయను. చాలా ఇళ్లలో మనుషులు పోయారు. మా ఇంటికి పెంకులు ఎగిరిపోయాయి, పెరట్లో కొబ్బరిచెట్లు పదకొండింటిలో రెండే నిలబడ్డాయి, అరటితోట మొత్తం నేలకు ఒరిగింది. ఆ ఆదివారం దీపావళి. సంత జరిగే చోట నీళ్లు నిలిచి ఉన్నాయి, ఒక ముసలామె చేమదుంపలతో, ఒకాయన పడిపోయిన కొబ్బరికాయల కుప్పతో కూర్చున్నారు. అంతే. లంకల నుంచి ఒక్క పడవ కూడా రాలేదు. యాభై రూపాయల కాగితం అలాగే జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చి, ఏమీ లేదని మామ్మకు చెప్పాను.

మామ్మ అరుగు మీద తడి తుడిచి, ఏడు చింతగింజలు తెప్పించింది. అటక మీద కుండలో ఊరుమిరపకాయలు, వడియాలు తడవకుండా ఉన్నాయి. అవి శనివారం. శుక్రవారం కందిపప్పు, చింతపండు. బచ్చలి తీగ పోయింది గాని నేల లోపల కంద అలాగే ఉంది, తవ్వితే వస్తుంది. కాస్త దురదపెట్టినా గురువారానికి అదే. సంతలో చేమదుంపలు ఉన్నాయంటే వెనక్కి వెళ్లి రెండు కేజీలు తెమ్మంది, అవి బుధవారానికి. పడిపోయిన గెలల్లో ముదురు కాయలున్నవి కోసి బకెట్లలో వేస్తే సోమవారం, మంగళవారం గడుస్తాయి. "ఇక ఈ పూట?" అన్నాను. పెరట్లో ఒరిగిన చెట్ల వైపు చెయ్యి చూపించింది.

నాన్న కత్తితో ఒక బోదెను పొరలు పొరలుగా ఒలిచి, లోపల తెల్లగా మెరిసే దూటను తీసి ఇచ్చారు. చెట్టు పడిన నాలుగో రోజు కాబట్టి ఇంకొక రోజు దాటితే అది కుళ్లు పట్టేదే. మామ్మ కత్తిపీట ముందు కూర్చుని పలచని చక్రాలుగా కోస్తూ ఉంటే, ప్రతి చక్రం నుంచీ సాలెపట్టు లాంటి దారాలు సాగుతూ వచ్చేవి. వాటిని తెంచకుండా చూపుడువేలికి చుట్టుకుంటూ, ముక్కను నల్లబడకుండా పక్కనున్న మజ్జిగ గిన్నెలోకి వేసేది. కొంతసేపటికి ఆమె వేలు మీద తెల్లని ఉండ ఒకటి తయారైంది. దాన్ని ఊడదీసి పారేసి, కత్తిపీట నా వైపు తిప్పి, రెండో బోదె నన్ను కోయమంది. నేను కోస్తూ ఉండగా ఆవాలు నూరడానికి ఎండుమిరపకాయలు ఎక్కడున్నాయో వెతకడానికి లేచి వంటింట్లోకి వెళ్లింది.